వానలకు ముందే ప్రతి పంపునూ ఒకసారి పైకి తీసి చూడండి: మురుగు పంపింగ్ స్టేషన్‌లో పనిచేసేవాళ్ళకు జాగ్రత్తలు

మొన్న పేపర్లో మళ్ళీ అదే వార్త. పంపు జామ్ అయిందని ఒకాయన మురుగు బావిలోకి దిగాడు, ఆయన పడిపోయాడని ఇంకొకాయన దిగాడు, ఇద్దరూ ప్రాణాలతో పైకి రాలేదు. ఊరు పేరు మారుతుంది, జరిగేది మాత్రం ప్రతిసారీ ఇదే. 2015 నవంబర్‌లో కేరళలోని కోళికోడ్‌లో మన ఆంధ్ర నుంచి పనికి వెళ్ళిన ఇద్దరు మ్యాన్‌హోల్‌లో చిక్కుకుపోతే, వాళ్ళెవరో కూడా తెలియని ఒక ఆటో డ్రైవర్ వాళ్ళను లాగుదామని దిగాడు. ముగ్గురూ చనిపోయారు.

మా స్టేషన్ మాన్యువల్‌లో వానాకాలం ముందు చూసుకోవాల్సిన భాగం ఈసారి నేనే రాయాల్సి వచ్చింది. దాన్నే కొంచెం విడమరిచి ఇక్కడ పెడుతున్నాను. బూట్లు, గ్లౌజులు, చేతులు కడుక్కోవడం లాంటివి మీకు తెలుసు కాబట్టి వదిలేస్తున్నా. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే, అదే మళ్ళీ మళ్ళీ చెప్తాను. పంపు పైకి రావాలి. మనిషి కిందికి పోకూడదు.

పంపు పైకి వస్తుందా?

బావిలో ఉండే సబ్‌మెర్సిబుల్ పంపుని చేసిందే మనిషి దిగనక్కర్లేకుండా. రెండు గైడ్ పైపుల మీద జారుతూ కిందికి వెళ్తుంది, అడుగున బిగించి ఉన్న బెండ్ మీద తన బరువుతోనే కూర్చుంటుంది. అక్కడ విప్పాల్సిన బోల్టు ఒక్కటీ ఉండదు. చైన్ పట్టి లాగితే లేచి రావాలి, వదిలితే మళ్ళీ దాని చోట అదే కూర్చోవాలి. మరి మనుషులు ఎందుకు దిగుతున్నారు? చాలాసార్లు, ఆ పంపు పైకి రాదు కాబట్టి.

నేను హెల్పర్‌గా ఉన్న రోజుల్లో చూసింది చెప్తాను. జూలై నెల, రాత్రి వాన. ఒక పంపు రివైండింగ్‌కి వెళ్ళి రెండు నెలలైంది, రెండోది ట్రిప్ అయింది, మట్టం పెరుగుతోంది. ఎలక్ట్రీషియన్ అన్న చైన్ బ్లాక్ తగిలించి లాగితే పంపు ఒక జానెడు లేచి చైన్ తెగిపోయింది. "రెండు నిమిషాలే, తాడు కట్టి వచ్చేస్తా" అని నిచ్చెన దిగాడు. ఐదారు మెట్లు దిగాడో లేదో చెయ్యి వదిలేశాడు. కేక కూడా వెయ్యలేదు. పైన ఉన్న ఇంకో హెల్పర్ "అన్నా అన్నా" అంటూ దిగాడు, అతనూ అంతే. నేను అప్పుడు గేటు దగ్గర జాలీ కడుగుతున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను. దగ్గరే ఉంటే నేనూ దిగేవాణ్ణి, ఆ క్షణంలో ఎవరైనా దిగుతారు.

తర్వాత తెగిన చైన్ ముక్క నా చేతిలోకి వచ్చింది. పైన చేతికి అందే చోట కొత్తదానిలా ఉంది. నీటి మట్టానికి కొంచెం పైన, రోజూ తడిసి ఆరే చోట మాత్రం చిటికెనవేలంత మందం ఉండాల్సిన కడియం అగ్గిపుల్లంత అయిపోయింది, గోటితో గీకితే తుప్పు పొరలు పొరలుగా ఊడింది. మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ తడి గోడల మీద, చైన్ మీద చేరాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుస్తుంది. కాంక్రీటునే తినేసే యాసిడ్‌కి చైన్ ఎంత? నీళ్ళలో మునిగి ఉన్న భాగం కంటే నీళ్ళకు పైనున్న భాగమే ముందు పోతుంది. మీరు పైనుంచి చూసి బాగుంది అనుకునే చైన్ ఇదే.

అందుకే జూన్ రాకముందే ప్రతి పంపునూ ఒకసారి పూర్తిగా పైకి తీయాలి, ఆ తర్వాత మూడు నెలలకోసారి. పని చేస్తున్న పంపుని ఎందుకు కదిలించడం అంటారు కొందరు. పని చేస్తున్నప్పుడు రాని పంపు జామ్ అయినప్పుడు వస్తుందా? ఏడాదిపాటు కదపకపోతే బెండ్ దగ్గర ఇసుక, జిడ్డు, గుడ్డపీలికలు గట్టిపడి పంపుని పట్టేస్తాయి.

తీసే పద్ధతి ఇది. ముందు ప్యానెల్‌లో ఆటో నుంచి ఆఫ్‌కి తిప్పండి, ఆ పంపు సప్లై తీసి తాళం వేసి తాళం చెవి మీ జేబులో పెట్టుకోండి. ఆటోలో ఉంటే మట్టం పెరగగానే పంపు దానంతట అదే తిరుగుతుంది, మీ చెయ్యి ఇంపెల్లర్‌లో ఉందో లేదో దానికి తెలియదు. తర్వాత కేబుల్ లూజ్ ఇచ్చుకుంటూ చైన్ బ్లాక్‌తో లాగాలి. 30 హెచ్‌పీ పంపు మూడు నాలుగు వందల కిలోలు ఉంటుంది, ఒక టన్ను చైన్ బ్లాక్ తగ్గకూడదు. కేబుల్ పట్టి మాత్రం ఎప్పుడూ లాగొద్దు, లోపల గ్లాండ్ దగ్గర నీళ్ళు దిగుతాయి. పైకి వచ్చాక చైన్‌ని మొదటి నుంచి చివరిదాకా కడిగి, ఒక్కో కడియం చూడండి. ఎక్కడైనా మందం కళ్ళకు కనిపించేంత తగ్గితే చైన్ మొత్తం మార్చాలి, ముక్క అతికించొద్దు. కొనేటప్పుడు స్టెయిన్‌లెస్ స్టీల్ 316 రకం అడగండి, ధర ఎక్కువే, అయినా అదే అడగండి. ఆయిల్ ప్లగ్ విప్పి కొంచెం ఆయిల్ గాజు గ్లాసులోకి తీయండి. మజ్జిగలా తెల్లగా ఉంటే సీల్ పోయి నీళ్ళు దిగుతున్నట్టు, ఆ పంపు వానాకాలం దాటదు. కేబుల్‌ని ప్యానెల్ నుంచి విడదీసి 500 వోల్టుల మెగ్గర్ వేయండి, ఒక మెగోమ్ కంటే తక్కువ వస్తే ఆన్ చేయొద్దు.

దించాక ఒక నిమిషం నడిపి బావిలోకి చూడండి. పంపు ఉన్నచోట నీళ్ళు సుడి తిరుగుతూ పైకి పొంగుతుంటే పంపు బెండ్ మీద సరిగా కూర్చోలేదు, సగం నీళ్ళు బావిలోనే తిరుగుతున్నాయి. మళ్ళీ ఒక అడుగు లేపి దించండి. కూర్చోలేదని కాలితో నొక్కడానికి ఎవరూ దిగక్కర్లేదు. పంపు పైకి రావాలి, మనిషి కిందికి పోకూడదు.

వాసన రావట్లేదంటే గ్యాస్ లేదని కాదు

దీని గురించి ఎంతమందికి చెప్పినా తలూపుతారు, బావి దగ్గర మర్చిపోతారు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. 100 పీపీఎం చుట్టుపక్కలకు వచ్చేసరికి అదే గ్యాస్ ముక్కుని మొద్దుబారుస్తుంది, వాసన ఆగిపోతుంది. దిగినవాడు "ఇప్పుడు పర్లేదు, వాసన తగ్గింది" అనుకుంటాడు. నిజానికి తగ్గింది వాసన తెలిసే శక్తి. ఐదారు వందలు దాటితే కొద్ది నిమిషాల్లోనే స్పృహ పోతుంది, వెయ్యి దగ్గర ఒకటి రెండు శ్వాసలు చాలు. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, కాబట్టి అడుగున కూర్చుంటుంది. మూత దగ్గర తల పెట్టి చూస్తే ఏమీ తెలియదు.

ఇంకొకటి. గ్యాస్ మీటర్ దించి చూశాం, అంతా సరిగ్గానే ఉంది, దిగొచ్చు అనుకునేవాళ్ళున్నారు. గోలీసోడా కదపనంతసేపు మామూలుగానే ఉంటుంది, గోలీ నొక్కగానే బుస్సుమని పొంగుతుంది కదా, బావి అడుగున ఉన్న మడ్డి అలాంటిదే. కదపనంతసేపు గ్యాస్ దానిలోనే ఉంటుంది. కాలు పెట్టి, పార పెట్టి, పంపుని లాగి కదిపారో అప్పుడు ఒక్కసారిగా బయటికి వస్తుంది. పది నిమిషాల కింద 2 చూపించిన మీటర్ అప్పుడు వందల్లోకి వెళ్తుంది. తొలకరి వానకి ప్రమాదం ఎక్కువ కావడానికి కారణం కూడా ఇదే, ఎండాకాలమంతా లైన్లలో పేరుకుని కుళ్ళిన మడ్డి ఆ మొదటి వాన తోపుకి కదిలి ఒక్కసారిగా బావికి వస్తుంది.

పాత పద్ధతులు దయచేసి మానేయండి. దీపం దించి ఆరిపోతుందా లేదా చూడటం చాలా ప్రమాదం. ఈ గ్యాస్‌కి దీపం ఆరదు, పైగా మీథేన్ ఉంటే పేలుతుంది. తడి గుడ్డ ముక్కుకి కట్టుకోవడం, కరోనా మాస్క్ పెట్టుకోవడం ఏమీ ఆపవు, మాస్క్ దుమ్మునే ఆపుతుంది, గ్యాస్‌ని కాదు.

రోజూ చూసేవి

జాలీ శుభ్రం చేయడం, లాగ్ బుక్ రాయడం మీకు చెప్పక్కర్లేదు. మూడు విషయాలు మాత్రం చెప్తాను.

మొదటిది ఆంప్స్. మూడు ఫేజుల్లోనూ చూసి రాయండి, ఒక్క ఫేజ్ చూసి మూడు గళ్ళలో అదే అంకె రాయొద్దు. మా 30 హెచ్‌పీ మోటార్‌కి ఫుల్ లోడ్ దాదాపు 40, మామూలుగా 33, 34 దగ్గర తిరుగుతుంది. ఈ మామూలు అంకె ఎంతో ప్రతి పంపుకీ ప్యానెల్ మీద పెయింట్‌తో రాసి పెట్టండి.

రెండోది ఫ్లోట్లు. హోటళ్ళ నుంచి వచ్చే నూనె జిడ్డు పట్టి ఫ్లోట్ బరువెక్కి లేవదు, అలారం మోగదు. వారానికోసారి పైనుంచే పొడవాటి కర్రతో పై ఫ్లోట్ లేపి అలారం మోగుతుందో లేదో వినండి.

మూడోది, మట్టం ఎంత వేగంగా పెరుగుతోందో తెలుసుకోవడం. దీన్ని కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ రాత్రి మమ్మల్ని తొందరపెట్టింది ఇదే.

మా బావి వ్యాసం 5 మీటర్లు. అంటే అడుగు వైశాల్యం దాదాపు 20 చదరపు మీటర్లు, మట్టం 5 సెంటీమీటర్లు పెరిగితే 1000 లీటర్లు వచ్చినట్టు. ఉదయం ఏడింటికి పంపులు ఒక్క నిమిషం ఆపి చూస్తే 12 సెంటీమీటర్లు పెరిగింది, నిమిషానికి 2400 లీటర్లు. పంపు మొదలయ్యే మట్టం నుంచి పొంగే మట్టానికి 2 మీటర్ల తేడా ఉంది. 200ని 12తో భాగిస్తే 16 నిమిషాల పైచిలుకు. అర్ధరాత్రి రెండింటికి నిమిషానికి 4 సెంటీమీటర్లే, అంటే 50 నిమిషాలు. గట్టి వానలో 20 సెంటీమీటర్లు, అంటే 10 నిమిషాలే. ఈ మూడు అంకెలూ మా గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉన్నాయి. పంపు ఆగగానే ఆపరేటర్ గడియారం చూసుకుంటాడు, ఇంకా ఎంతసేపు ఉందో తెలుస్తుంది కాబట్టి టెన్షన్‌లో నిచ్చెన వైపు పరిగెత్తడు. మీ బావి కొలతలు వేరు, మీ లెక్క మీరు వేసుకోండి.

ఇదే లెక్కతో పంపు ఎంత తోడుతోందో కూడా తెలుస్తుంది. పంపు ఆన్ చేశాక నిమిషానికి 6 సెంటీమీటర్లు తగ్గితే 1200 లీటర్లు, దానికి వచ్చే 2400 కలిపితే పంపు 3600 తోడుతోంది. నెలనెలా ఇది తగ్గుతూ పోతుంటే ఇంపెల్లర్ అరిగిందో, చెత్త పట్టిందో, ఇంకా సమయం ఉండగానే పైకి తీయండి.

పంపు ఆగినప్పుడు

ముందు స్టాండ్‌బై ఆన్ చేయండి, తర్వాత కారణం వెతకండి. ట్రిప్ అయితే ఒక్కసారే రీసెట్. మళ్ళీ ట్రిప్ అయితే వదిలేయండి, నాలుగైదుసార్లు రీసెట్ కొట్టి వైండింగ్ కాల్చినవాళ్ళను చాలామందిని చూశాను.

ఆంప్స్ మామూలు కంటే పెరిగి పంపు అదురుతుంటే ఇంపెల్లర్‌లో గుడ్డో ప్యాడో చుట్టుకుంది. ఆపండి, పైకి తీయండి. ఆంప్స్ తగ్గిపోయి మట్టం కూడా దిగట్లేదంటే వాల్వ్ మూసి ఉందేమో చూడండి, లేదా పంపు ఉల్టా తిరుగుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో కేబుల్ దగ్గరో ఎవరైనా పని చేసి వెళ్ళిన రోజు ఇది తప్పకుండా చూడాలి, రెండు ఫేజులు మారితే చాలు. ఒక ఫేజ్‌లో సున్నా ఉంటే వెంటనే ఆపండి. పంపు ఆపాక కూడా పైపులో నీళ్ళు వెనక్కి వస్తున్న చప్పుడు, మట్టం అకస్మాత్తుగా పెరగడం కనిపిస్తే నాన్ రిటర్న్ వాల్వ్ పట్టుకుపోయింది. అప్పుడు పంపు వెనక్కి తిరుగుతూ ఉంటుంది, అది ఆగేదాకా స్టార్ట్ చేయొద్దు, షాఫ్ట్ విరుగుతుంది. డెలివరీ వాల్వ్ మూసేసి ఆ పంపుని పక్కన పెట్టండి.

చైన్ తెగిందా, పంపు రావట్లేదా? పైనుంచి పొడవాటి రాడ్‌కి కొక్కెం పెట్టి పంపు హ్యాండిల్‌కి తగిలించి లాగండి, ఈ కొక్కెం ముందే చేయించి గోడకి వేలాడదీసి ఉండాలి. జెట్టింగ్ మిషన్ పిలిపించి పైనుంచే నీళ్ళు కొట్టి బెండ్ దగ్గర మడ్డి వదులు చేయండి. అయినా రాకపోతే అక్కడితో ఆపేయండి. ఇన్‌లెట్ గేటు మూసి, బావి పక్కన డీజిల్ పంపు పెట్టి పైనుంచే తోడించండి, ట్యాంకర్లు పిలవండి. గేటు ఎక్కువసేపు మూస్తే పైన వీధుల్లో మ్యాన్‌హోళ్ళు పొంగుతాయి, పొంగనివ్వండి. అధికారి తిడతాడు, కాలనీవాళ్ళు ఫోన్లు చేస్తారు, పొద్దున్నే బ్లీచింగ్ చల్లి కడుగుతాం. దానికోసం ఎవరూ దిగొద్దు.

ఇక మిగిలినవి వరుసగా రాస్తున్నాను, ప్రింట్ తీసి బావి దగ్గర అంటించండి.

- ఒంటరిగా బావి మూత తెరవొద్దు.
- మూత తెరిచాక మనిషి అక్కడే ఉండాలి, లేదా మూత వేసి తాళం పెట్టాలి. సగం తెరిచి టీకి వెళ్ళొద్దు.
- నిచ్చెనకి గేటు పెట్టి తాళం వేయించండి. తాళం చెవి ఇంజనీర్ దగ్గర ఉండాలి, షిఫ్ట్‌లో కాదు. రాత్రి రెండింటికి ఆ తాళమే మనిషిని ఆపుతుంది.
- జనరేటర్‌ని ఖాళీగా తిప్పి సరే అనుకోవద్దు. పంపు లోడ్ పెట్టి అరగంట నడపండి. ఎక్కువసార్లు మోసం చేసేది బ్యాటరీయే.
- డీజిల్ పంపు గదిలో నడపొద్దు. బయటే.
- స్టాండ్‌బై పంపు రిపేర్‌కి వెళ్ళి పదిహేను రోజులు దాటితే రాతపూర్వకంగా పెట్టండి, తేదీతో. నోటిమాటగా చెప్పింది ఎవరికీ గుర్తుండదు.
- వాల్వ్ చాంబర్ కూడా బావి లాంటిదే. లోతు తక్కువని దిగొద్దు.
- నాలుగు గ్యాసుల మీటర్ లేని స్టేషన్‌లో దిగే ప్రశ్నే లేదు. ఉంటే కూడా పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గినా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం దాటినా ఎవరూ దిగకూడదు.
- అన్నీ సరిగ్గా ఉన్నా మన షిఫ్ట్‌వాళ్ళు దిగకూడదు. బావి ఖాళీ చేసి, గేటు మూసి, బ్లోయర్ పెట్టి, బయటి గాలి అందే మాస్క్‌తో, హార్నెస్‌తో, పైన ట్రైపాడ్‌తో, ఇంజనీర్ రాతపూర్వక అనుమతితో శిక్షణ ఉన్న మనుషులు చేసే పని అది. మన పని కాదు.
- "ఇదివరకు దిగాం, ఏమీ కాలేదు" అనేవాడి మాట వినొద్దు.
- దిగమని ఎవరైనా ఒత్తిడి చేస్తే కుదరదని చెప్పండి. 2013 చట్టం ప్రకారం మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించి శుభ్రం చేయించడం నేరం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.
- కాంట్రాక్టర్ పంపిన కుర్రాడు కూడా మనిషే. అతన్నీ దించొద్దు.
- ఎవరైనా పడిపోతే దిగొద్దు. అన్న అయినా దిగొద్దు, తమ్ముడైనా దిగొద్దు. కేక వేయండి, 101కి, 108కి ఫోన్ చేసి "మురుగు బావిలో గ్యాస్, మనిషి పడ్డాడు, గాలి సిలిండర్లు కావాలి" అని ఈ మాటలతోనే చెప్పండి. బ్లోయర్ ఉంటే పైపు అడుగుదాకా దించి గాలి కొట్టండి. ఇన్‌లెట్ గేటు మూయండి. ఆయనకు తాడు కట్టి ఉంటే పైనుంచి లాగండి. దిగొద్దు.
- పంపు పైకి రావాలి. మనిషి కిందికి పోకూడదు.

రేపు ఉదయం షిఫ్ట్‌లోనే మీ స్టేషన్‌లో అన్నిటికంటే ఎక్కువ కాలంగా కదపని పంపు ఏదో లాగ్ బుక్‌లో చూడండి. దానికి చైన్ బ్లాక్ తగిలించి లాగండి. రాకపోతే ఆ పంపు నంబర్, తేదీ, "పైకి రావట్లేదు" అని రాసి, ఇంజనీర్ చేత సంతకం పెట్టించి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. జూన్‌కి ఇంకా కొన్ని వారాలు ఉండగానే ఈ పని అవ్వాలి.